ధనమా, ధనాపేక్షా? తిమోతికి రాసిన ఉత్తరంలో అసలున్న మాట

పెద్దలకు, పాస్టరుగార్లకు, వెనక వరుసల్లో కూర్చున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అందరికీ వందనాలు. నాకిచ్చిన గంటలో పరిచయాలకే కొంత పోయింది కాబట్టి నేరుగా వాక్యంలోకి వెళ్దాం.

"డబ్బే అన్ని అనర్థాలకూ మూలం అని బైబిల్లోనే ఉంది కదండీ." ఈ మాట చర్చి గడప తొక్కనివాళ్లు కూడా అంటారు. పొలం గట్టు దగ్గర అన్నదమ్ములు తగువు పడితే అంటారు, చిట్టీల కంపెనీ బోర్డు తిప్పేస్తే అంటారు. చివర్లో "బైబిల్లోనే ఉంది" అని చేర్చేసరికి ఇక ఎదురు మాట ఉండదు. సరే, ఉందో లేదో చూద్దాం. మొదటి తిమోతి, ఆరో అధ్యాయం, పదో వచనం తీయండి. ఫోన్లో బైబిల్ ఉన్నవాళ్లు ఫోన్లోనే తీయండి, వాట్సాప్ మాత్రం తీయకండి. (సభలో నవ్వులు)

మన పాత తెలుగు అనువాదంలో ఇలా ఉంది: "ఎందుకనగా ధనాపేక్ష సమస్తమైన కీడులకు మూలము; కొందరు దానిని ఆశించి విశ్వాసమునుండి తొలగిపోయి నానాబాధలతో తమ్మును తామే పొడుచుకొనిరి."

ఈ ఉత్తరంలో అపొస్తలుడైన పౌలు ధనం అనలేదు, ధనాపేక్ష అన్నాడు. ఈ సంగతి మీలో చాలామందికి తెలుసు. చాలా ప్రసంగాల్లో కూడా చెబుతుంటారు: "చూశారా, డబ్బు తప్పు కాదు, డబ్బు మీద ఆశ తప్పు." ఆ మాట వినగానే హాల్లో అందరూ కాస్త ఊపిరి పీల్చుకుంటారు. ముందు వరుసలో కూర్చున్నవాళ్లు ఇంకొంచెం ఎక్కువ పీల్చుకుంటారు. నాకు ఇబ్బందిగా అనిపించేది సరిగ్గా ఆ చోటే. తప్పు మాటను దిద్దుకున్నాక మనకు హాయిగా అనిపిస్తే, దిద్దుకోవడం సగంలో ఆగిపోయిందన్నమాట. ఎందుకంటే ఆ ఉత్తరంలో ఉన్న అసలు మాట, జనం నోట్లో నలిగిన మాటకంటే చాలా గట్టిది. డబ్బు చెడ్డదంటే డబ్బు లేనివాడు తప్పించుకుంటాడు. డబ్బు మీద ఆశ చెడ్డదంటే జేబులో రూపాయి లేనివాడు కూడా తప్పించుకోలేడు. ఇవాళ నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే.

ముందు ఆ మాట ప్రయాణం కొంచెం చూద్దాం. మూల గ్రీకులో ఉన్నది ఒకే ఒక్క మాట, ఫిలార్గురియా. వెండి మీద ప్రీతి అని. వెండి నాణేలే అప్పటి డబ్బు. ఆశ, ధనం రెండూ ఒకే మాటలో అతుక్కుని ఉన్నాయి, విడదీయడానికి లేదు. ఇది లాటిన్‌లోకి వెళ్లినప్పుడు 'కుపిడితాస్' అయింది. అంటే ఆశ, వ్యామోహం. అందులో ధనం అన్న మాటే లేదు! పడమటి సంఘాలు వెయ్యేళ్లకు పైగా ఈ వచనాన్ని "సమస్త కీడులకు మూలం ఆశ" అనే వింటూ వచ్చాయి. 1526లో టిండేల్ ఇంగ్లీషు చేసినప్పుడు కూడా దురాశ అన్న అర్థంలోనే పెట్టాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో "డబ్బు మీద ప్రేమ" అన్న రూపం స్థిరపడింది. ఇంగ్లీషులో అది మూడు నాలుగు మాటల గుంపు. వాక్యం మొదట్లో ఉన్న ఆ ప్రేమ కాస్తా జనం నోళ్లలో రాలిపోయి, డబ్బొక్కటే మిగిలింది. లాటిన్‌వాళ్లు డబ్బును వదిలేసి ఆశను ఉంచుకున్నారు. ఇంగ్లీషు నానుడి ఆశను వదిలేసి డబ్బును ఉంచుకుంది. ఆ రెండో రకమే మన దాకా వచ్చింది.

మనవాళ్లకు అది అంత సులువుగా పట్టుబడటానికి ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. "అర్థమనర్థం భావయ నిత్యం" అని భజగోవిందంలో ఒక మాట ఉంది. ధనాన్ని అనర్థంగానే ఎప్పుడూ తలచుకో అని. చర్చికి వెళ్లేవాళ్లూ వెళ్లనివాళ్లూ అందరి చెవుల్లోనూ అది పడే ఉంటుంది. అక్కడ నిజంగానే అర్థమే అనర్థం. ఆ శ్లోకం దారి వేరు, అది సన్యాసి స్వరం. దాన్ని తీసుకొచ్చి తిమోతి ఉత్తరం మీద అతికిస్తే సరిపోదు. సరిపోదని ఎలా తెలుస్తుందంటే, అదే అధ్యాయం పదిహేడో వచనంలో ధనవంతులకు ప్రత్యేకంగా ఒక సందేశం ఉంది. దాని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు ఉత్తరం ఎవరికి, ఎక్కడికి అన్నది. తిమోతి లుస్త్ర పట్టణానికి సంబంధించినవాడు. తల్లి యూనీకే, అమ్మమ్మ లోయి. పౌలుతో పాటు తిరిగినవాడు. "నీ యౌవనమునుబట్టి ఎవడును నిన్ను తృణీకరింపనియ్యకుము" అని ఇదే ఉత్తరంలో రాశాడంటే, సంఘంలో పెద్దవాళ్లు ఈ కుర్రాడి మాట ఏం వింటాంలే అనుకునే పరిస్థితి ఉందన్నమాట. కడుపు జబ్బు కూడా ఉంది పాపం. ఈ ఉత్తరం పౌలే రాశాడా, ఆయన తర్వాత ఆయన శిష్యపరంపరలో ఎవరైనా ఆయన పేరుతో రాశారా అని పండితుల్లో పెద్ద చర్చ ఉంది. రెండో అభిప్రాయం వైపు ఉన్నవాళ్లు తక్కువేం కాదు. ఇవాళ దానిలోకి వెళ్లను. ఉత్తరంలో ఎలా ఉందో అలాగే పౌలు, తిమోతి అంటాను.

ఊరు మాత్రం ముఖ్యం. ఎఫెసు. రోమా సామ్రాజ్యంలోని ఆసియా రాష్ట్రంలో పెద్ద రేవు పట్టణం. అక్కడి అర్తెమి దేవి గుడి అంటే దేవాలయమే కాదు, ఖజానా కూడా. మామూలు మనుషులే కాక పరాయి ఊళ్లవాళ్లు, పట్టణాలు, రాజులు కూడా తమ డబ్బును భద్రంగా ఉంటుందని ఆ గుళ్లో దాచుకునేవారని డియో క్రిసోస్తొమ్ అనే గ్రీకు వక్త చెప్పాడు. దేవత కళ్లెదుట ఉన్న సొమ్ము ఎవడు ముట్టుకుంటాడు అన్న ధైర్యం. అంటే ఆ ఊళ్లో భక్తికీ బ్యాంకుకూ ఒకటే గుమ్మం.

అపొస్తలుల కార్యములు పంతొమ్మిదో అధ్యాయంలో దేమేత్రి కథ మీకు తెలుసు. వెండితో అర్తెమి గుళ్ల బొమ్మలు చేయించే కంసాలి. పౌలు బోధ వల్ల గిరాకీ పడిపోతోంది. అతను తోటి పనివాళ్లను పోగేసి ఏమన్నాడో వరస గమనించండి. మొదటి మాట, ఈ పని వల్లే మనకు జీవనం బాగా జరుగుతోందని. తర్వాత, మన వృత్తికి చెడ్డపేరు వస్తుందని. ఆ తర్వాత, అమ్మవారి గుడికి తక్కువతనం వస్తుందని. బయటికి వెళ్లి వీధిలో అరిచింది మాత్రం "ఎఫెసీయుల అర్తెమి మహాదేవి" అని. లోపల లెక్క డబ్బుది, బయట నినాదం దేవతది. ఊరు ఊరంతా ఆ నినాదం పట్టుకుంది. గుంపులో ఎక్కువమందికి తామెందుకు కూడుకున్నారో తెలియదని ఆ గ్రంథం రాసిన లూకా చాలా చల్లగా చెబుతాడు. (నవ్వులు)

ఇది బయటివాళ్ల కథే కదా అని మనం చంకలు గుద్దుకోవడానికి లేదు. తిమోతికి వచ్చిన ఉత్తరం చెప్పేదేమిటంటే, ఆ జబ్బు సంఘం లోపలికి కూడా వచ్చింది. ఆరో అధ్యాయం అయిదో వచనం చూడండి. "దైవభక్తి లాభసాధనమనుకొను మనుష్యులు." వీళ్లు కంసాలులు కారు, బోధకులు. పదో వచనం ఊరికే వచ్చి పడిన సూక్తి కాదు. మూడో వచనం నుంచి ఈ బోధకుల గురించి మొదలైన మాట అక్కడికి చేరింది. "ఎందుకనగా" అన్న మాటతో మొదలవడం కూడా అందుకే. మనం ఆ "ఎందుకనగా"ను ఎప్పుడూ వదిలేసి చదువుతాం. క్యాలెండర్ మీద వేసినప్పుడు అది తీసేసే వేస్తారు. తీసేస్తే ఇది లోకం గురించిన సామెత అయిపోతుంది. ఉంచితే, ప్రసంగ పీఠం మీద నిలబడినవాడి గురించిన మాట అవుతుంది.

వచనాలు ఒక్కొక్కటే దిగుదాం. భక్తి లాభసాధనం అనుకుంటారు అన్నాక, ఆరో వచనంలో పౌలు ఆ మాటనే పట్టుకుని తిప్పుతాడు. అవును, భక్తి గొప్ప లాభసాధనమే, "సంతుష్టి సహితమైన" భక్తి అయితే. ఏడో వచనం, లోకంలోకి ఏమీ తేలేదు, ఏమీ తీసుకుపోలేం. ఎనిమిది, అన్నవస్త్రాలుంటే తృప్తి పడదాం. ఇక్కడ "పడదాం" అంటున్నాడు. తిమోతికీ తనకీ కలిపే గీత గీసుకుంటున్నాడు. తొమ్మిదో వచనం దగ్గర కొంచెం ఆగుదాం. "ధనవంతులగుటకు అపేక్షించువారు శోధనలోను, ఉరిలోను" పడతారు అంటాడు.

ఉరి అంటే మనకు వెంటనే ఉరితాడు గుర్తొస్తుంది. ఇక్కడ అది కాదు, ఉచ్చు. పిట్టలకూ కుందేళ్లకూ పన్నేది. ఉచ్చు ఎలా పని చేస్తుందో పల్లెటూరివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. జంతువు ఉచ్చును చూసి రాదు, గింజను చూసి వస్తుంది. కాలు పడ్డాక గుంజుకున్న కొద్దీ బిగుస్తుంది. ఈ వచనంలో వరస కూడా అలాగే ఉంది. ముందు కోరుకోవడం, తర్వాత శోధన, తర్వాత ఉచ్చు, తర్వాత ఒకటి కాదు అనేక దురాశలు, చివరికి "ముంచివేయును." ఆ ముంచడానికి వాడిన గ్రీకు మాటే లూకా సువార్త అయిదో అధ్యాయంలో చేపల బరువుకు దోనెలు మునగబోయిన చోట కూడా వస్తుంది. అక్కడ దోనెలను ముంచబోయింది తుపాను కాదు, వలలో పడిన చేపలే.

ఇప్పుడు నేను ముందే చెప్పిన పదిహేడో వచనానికి రండి. "ఇహమందు ధనవంతులైనవారు" అని మొదలవుతుంది. తొమ్మిదిలో ఉన్నవాళ్లు ధనవంతులు కావాలని కోరుకునేవాళ్లు. పదిహేడులో ఉన్నవాళ్లు ఇప్పటికే ధనవంతులు. వీళ్లిద్దరూ ఒకటి కాదు. ఈ రెండో రకంవాళ్లను ఉన్నదంతా అమ్మేసి రమ్మనలేదు. గర్వపడొద్దు, "అస్థిరమైన ధనమునందు" నమ్మకం పెట్టొద్దు, మేలు చేయండి, మీ ధనంలో ఇతరులకు పాలివ్వండి అన్నాడు. దేవుడు అన్నీ ధారాళంగా ఇచ్చింది మనం "సుఖముగా అనుభవించుటకు" అని కూడా అన్నాడు. డబ్బే పాపిష్టిదైతే ఈ వచనం రాయడానికే వీల్లేదు. పాపిష్టి సొమ్మును ఇంకొకరికి పంచమని ఎవరు చెబుతారు?

కానీ దీన్నే మనవాళ్లు అడ్డం పెట్టుకుంటారు. "నాకు డబ్బుంది గానీ, డబ్బు మీద ఆశ లేదు" అంటారు. అనడం చాలా తేలిక. ఆశ లోపలిది, ఎవరికీ కనపడదు, ఎక్స్‌రేలో పడదు. కాబట్టి ఆ మాట అన్నవాడిదే ఆఖరి మాట అయిపోతుంది. పౌలు దానికి దారి వదల్లేదు. తొమ్మిదో వచనంలో "ధనాన్ని ప్రేమించేవారు" అనే పెద్ద మాట వాడకుండా, "ధనవంతులగుటకు అపేక్షించువారు" అన్నాడు. అంటే, ధనవంతుణ్ణి కావాలి అన్న నిర్ణయమే చాలు. దానికి ఉద్వేగం అక్కర్లేదు, పిసినారితనం అక్కర్లేదు. పద్ధతిగా, చదువుకుని, ప్లాన్ వేసుకుని కోరుకున్నా ఆ వచనం కిందికే వస్తుంది. ఇక ధనం ఉన్నవాడికి పదిహేడు, పద్దెనిమిది వచనాలు పెట్టిన పరీక్షలో లోపలి భావాల గొడవే లేదు. ఇస్తున్నావా లేదా? వాటా పెడుతున్నావా లేదా? ఇది బయటికి కనపడుతుంది, లెక్కపెట్టొచ్చు. ఆశ లేదని నోటితో చెప్పేవాడి దగ్గర ఈ రెండో ప్రశ్న అడిగి చూడండి.

ఇంకో చిన్న సంగతి. వ్యాకరణం అంటే విసుగున్నవాళ్లు ఒక నిమిషం ఓర్చుకోండి. పదో వచనంలో "కొందరు దానిని ఆశించి" అని ఉంది కదా. దేనిని? వాక్యంలో వెనక ఉన్నది ధనాపేక్ష. గ్రీకులో కూడా ఆ సర్వనామం ఫిలార్గురియానే చూపిస్తుంది, సందేహం లేదు. అంటే అక్షరాలా చదివితే, కొందరు "ధనం మీద ఆశను ఆశించారు" అని వస్తుంది. అదెలా కుదురుతుంది? ఆశించేది ధనాన్ని కదా. వ్యాఖ్యాతలు చాలాకాలంగా ఈ ఇబ్బందిని గుర్తిస్తూనే ఉన్నారు. రాసినాయన చేయి అక్కడ కాస్త జారింది, ఆశ అని మొదలుపెట్టి ధనం అన్న అర్థంలోకి వెళ్లిపోయింది. అందుకే నేను "డబ్బే మూలం" అనే మామూలు మనుషుల మీద మరీ విరుచుకుపడను. వాళ్లు చేసిన జారుడు అసలు వాక్యంలోనే కొంచెం ఉంది. ఎవరైనా ఆ మాట అనగానే లేచి "తప్పు, తప్పు" అని దిద్దే బైబిల్ స్కూలు కుర్రాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. (నవ్వులు)

ఇక "సమస్తమైన" అన్న మాట. ఇది నిజంగా కష్టమైన చోటు. సమస్తమైన కీడులకూ ధనాపేక్షే మూలమా? కయీను హేబెలును చంపింది డబ్బు కోసం కాదు. దావీదు బత్షెబ విషయంలో పడింది డబ్బు వల్ల కాదు. ఏదెను తోటలో అసలు డబ్బే లేదు. ఈ ప్రశ్న కొత్తది కాదు, అయిదో శతాబ్దం ముందూ వెనకా అగస్టీను అనే క్రైస్తవ పండితుడు దీనితో తలపడ్డాడు. ఆయన ముందు రెండు వాక్యాలున్నాయి. పాపానికి ఆరంభం గర్వం అని కతోలిక బైబిల్లో ఉండే సీరా జ్ఞానగ్రంథంలో ఉంది, కీడులకు మూలం ధనాపేక్ష అని ఇక్కడ ఉంది. మరి సైతాను డబ్బు కోసం పడ్డాడా? ఆయన చెప్పిన జవాబు, ఇక్కడ ఆశ అంటే నాణేల మీద ఆశే కాదు, దేన్నైనా చాలినదానికంటే ఎక్కువ కోరుకోవడం అని. తెలివైన జవాబే. కానీ నన్నడిగితే, అది పౌలు మాటను మరీ పలచన చేసేస్తుంది. ఇక్కడ మాట్లాడుతున్నది నిజంగా డబ్బు గురించే. అన్నవస్త్రాలు, లాభం, ధనవంతులు, ఇవన్నీ చుట్టూ ఉండగా దాన్ని ఆకాశంలోకి ఎత్తేయడం ఎందుకు?

ఇంగ్లీషులో 1881లో కొత్త నిబంధనను సవరించినవాళ్లు వేరే దారి పట్టారు. "అన్ని రకాల కీడులకూ ఒక మూలం" అని మార్చారు. వేరు అన్న మాటకు ముందు గ్రీకులో ఉపపదం లేదు కాబట్టి, ఒకానొక వేరు అనుకోవడానికి వీలుంది. ఇప్పటి ఇంగ్లీషు బైబిళ్లలో చాలావాటికి ఇదే దారి. మన తెలుగులో ఆ గొడవే లేదు, "మూలము" అంటే రెండూ సరిపోతాయి. అయితే "రకాల" అన్న మాట గ్రీకులో లేదు, అది సవరించినవాళ్లు ఇచ్చిన వెసులుబాటు. నాకు తోచే దారి ఇంతకంటే మామూలుది. ఇది సామెత. పౌలు పుట్టకముందు నుంచే గ్రీకు వీధుల్లో తిరుగుతున్న సామెత. ధనాపేక్ష సమస్త కీడులకూ తల్లిపట్టణం అన్నాడని డయోజెనీస్ అనే విరాగి పేరు మీద ఒక చోట చెప్పారు, బయోన్ అనే తత్వవేత్త పేరు మీద ఇంకో చోట చెప్పారు. క్రీస్తుకు మూడు నాలుగు వందల ఏళ్ల ముందు మనుషులు వాళ్లు. పౌలు తల్లిపట్టణం తీసి వేరు పెట్టాడు, అంతే. సామెతలో "అన్నీ" అంటే లెక్కపెట్టి అన్నీ అని కాదు. "డబ్బుకు లోకం దాసోహం" అంటే ప్రతి మనిషినీ విచారించి చెప్పామా? అదే మాదిరి.

ఎఫెసులో బజారుకు వెళ్లే ఎవడికైనా తెలిసిన మాట ఇది. సంఘంలో చదివినప్పుడు, అరే, ఇది మన తాతలు చెప్పే మాటే కదా అనుకుని ఉంటారు. ఆ తర్వాత వచ్చింది కొత్త మాట: "విశ్వాసమునుండి తొలగిపోయి." డయోజెనీస్ అది చెప్పలేదు. పౌలు దృష్టిలో ఇది నీతిపాఠం మాత్రమే కాదు, తన ఎరికలో ఉన్న కొందరు మనుషులకు జరిగిన సంగతి. "కొందరు" అన్నాడు. ఆ కొందరెవరో తిమోతికి తెలిసే ఉంటుంది.

(సభలో ఒకరు: అయ్యగారూ, అయితే పాస్టరు జీతం తీసుకోవడం తప్పంటారా?)

మంచి ప్రశ్న అడిగారు తమ్ముడూ. ఎవరో ఒకరు అడుగుతారనే చూస్తున్నాను. ఒక్క అధ్యాయం వెనక్కి వెళ్లండి. అయిదో అధ్యాయం పదిహేడు, పద్దెనిమిది. వాక్యంలో ప్రయాసపడే పెద్దలు "రెట్టింపు సన్మానమునకు" పాత్రులు. కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం వేయకూడదు. పనివాడు తన జీతానికి పాత్రుడు. ఇదే ఉత్తరం, ఇదే చేయి. కాబట్టి పాస్టరు పస్తులుంటేనే పరిశుద్ధుడు అనే సంఘపెద్దలకు ఈ ఉత్తరంలో ఆసరా దొరకదు. మీ పాస్టరుగారి పిల్లల ఫీజుల సంగతి పట్టించుకోకుండా "ధనాపేక్ష వద్దండీ" అని ఆయనకు పదో వచనం చదివి వినిపిస్తే, అది వాక్యాన్ని తిరగేసి పట్టుకోవడమే.

అదే సమయంలో మూడో అధ్యాయం మూడో వచనం కూడా చూడండి. అధ్యక్షుడిగా ఉండదలచినవాడికి కావలసిన అర్హతల పట్టికలో "ధనాపేక్షలేనివాడు" అని ఉంది. గ్రీకులో అది ఆరో అధ్యాయంలోని మాటకే ముందు, లేదు అనే అర్థమిచ్చే అక్షరం చేర్చినది. అంటే ఉత్తరం మధ్యలో జీతం ఇవ్వమని సంఘానికి చెప్పాడు, ఉత్తరం మొదట్లోనే జీతం మీద కన్నున్నవాణ్ణి ఎన్నుకోవద్దని చెప్పాడు. ఇచ్చేవాడికి ఒక ఆజ్ఞ, పుచ్చుకునేవాడికి ఒక ఆజ్ఞ. మన సంఘాల్లో జరిగేదేమిటంటే, పాస్టరు అయిదో అధ్యాయం చదువుతాడు, కమిటీ ఆరో అధ్యాయం చదువుతుంది. (నవ్వులు, చప్పట్లు)

పౌలు తన సంగతి ఎఫెసు పెద్దలకు స్వయంగా చెప్పిన మాట కూడా ఉంది. మిలేతులో వాళ్లను పిలిపించి వీడ్కోలు చెప్పేటప్పుడు, ఎవరి వెండినీ, బంగారాన్నీ, వస్త్రాలనూ నేను ఆశించలేదు అన్నాడు. ఈ చేతులే నా అవసరాలకూ నాతో ఉన్నవాళ్లకూ పనికొచ్చాయి అన్నాడు. వెండి కంసాలుల ఊరివాళ్లతో ఆ మాట అనడంలో ఉన్న పదును మీకు తెలుస్తోందనుకుంటాను.

ఇప్పుడు ఒక హెచ్చరిక. సరైన మాట నోట్లో ఉంటే మనం భద్రం అనుకోకండి. పద్నాలుగో శతాబ్దంలో చాసర్ అనే ఇంగ్లీషు కవి, పాపక్షమాపణ పత్రాలు అమ్ముకునే ఒక బోధకుడి పాత్రను రాశాడు. ఆ బోధకుడు ప్రతి ఊళ్లోనూ ప్రసంగించేది ఒకే వాక్యం మీద. ఏదనుకుంటున్నారు? మన పదో వచనమే, లాటిన్‌లో. తప్పు లేకుండా ఆశ అనే చెబుతాడు, డబ్బు అనడు. ఆ ప్రసంగం వినగానే జనం తమ ఆశకు సిగ్గుపడి చిల్లర తీసి ఇతని చేతిలో పోస్తారు. అప్పటి ఇంగ్లీషు డబ్బు లెక్కలో ఏడాదికి వంద మార్కులు సంపాదించానని అతనే గొప్పగా చెప్పుకుంటాడు. తాను ఏ పాపానికి విరుగుడు బోధిస్తున్నాడో ఆ పాపంతోనే సంపాదిస్తున్నానని కూడా దాచకుండా ఒప్పుకుంటాడు. వచనం సరిగ్గానే ఉంది, "ఎందుకనగా" ముందున్న అయిదో వచనం మాత్రం చదవలేదు. కానుకల సంచి తిప్పే ముందు ఏ వచనం చదువుతున్నామో, ఎందుకు చదువుతున్నామో ఒకసారి చూసుకోవాలి అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆఖరుగా ఈ మాటను తొలినాళ్లలోనే వాడిన ఒక నిజమైన పాస్టరు సంగతి చెప్పి ముగిస్తాను. రెండో శతాబ్దం తొలి భాగం. ఎఫెసుకు దగ్గర్లోనే ఉన్న స్ముర్న పట్టణంలో పొలికార్పు అనే అధ్యక్షుడు ఉండేవాడు. ఫిలిప్పీ సంఘం అడిగితే వాళ్లకొక ఉత్తరం రాశాడు. అది ఇప్పటికీ మనకు దొరుకుతోంది. అందులో నాలుగో అధ్యాయం మొదట్లోనే ధనాపేక్ష సకల కష్టాలకూ ఆరంభం అని రాసి, వెంటనే మనం లోకంలోకి ఏమీ తేలేదు, ఏమీ తీసుకుపోలేం అంటాడు. మన ఏడో వచనం, పదో వచనం రెండూ పక్కపక్కనే. చూడండి, అంత తొలి రోజుల్లో కూడా అది ధనాపేక్షే, ధనం కాదు.

అయితే ఫిలిప్పీవాళ్లకు అది ఎందుకు రాయవలసి వచ్చింది? ఉత్తరం చివరికి వస్తే, పదకొండో అధ్యాయంలో తెలుస్తుంది. ఆ భాగం గ్రీకులో మిగల్లేదు, లాటిన్ అనువాదంలోనే ఉంది. వాలెన్సు అని ఒకాయన, ఒకప్పుడు ఫిలిప్పీ సంఘంలో పెద్ద. తనకిచ్చిన స్థానమేమిటో అర్థం చేసుకోలేకపోయాడని పొలికార్పు చాలా బాధపడతాడు. ఏం చేశాడో వివరంగా రాయలేదు. కానీ వెంటనే ధనాపేక్షకు దూరంగా ఉండండి అంటాడు కాబట్టి డబ్బు వ్యవహారమే అయి ఉంటుంది. ఆయన భార్యను కూడా కలిపి చెప్పాడు. తనను తాను అదుపులో పెట్టుకోలేనివాడు ఇంకొకరికి ఎలా బోధిస్తాడు అని అడిగాడు. ఇంతవరకూ మనం ఊహించేదే.

తర్వాత రాసిందే మన కమిటీలు వినాలి. వాలెన్సుకూ అతని భార్యకూ ప్రభువు నిజమైన మారుమనసు ఇవ్వాలి అన్నాడు. ఈ విషయంలో మీరు కూడా నిదానంగా ఉండండి, అలాంటివాళ్లను శత్రువులుగా చూడకండి, దారి తప్పిన అవయవాలనుకుని వెనక్కి పిలవండి, అలా చేస్తే మీ శరీరమంతా నిలబడుతుంది అన్నాడు. పెద్దరికం తిరిగి ఇవ్వమని మాత్రం ఎక్కడా అనలేదు. మనిషిని వెనక్కి రానివ్వమన్నాడు, పదవి ఊసు ఎత్తలేదు. వాలెన్సు తిరిగొచ్చాడో లేదో ఆ ఉత్తరంలో లేదు.

టైమయిపోయిందని అక్కడ చెయ్యి ఊపుతున్నారు. ఇంకా ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి, వందనాలు.